గేటు పక్క పది అడుగులు, ఒకటోసారి ఆరు వేలు

బడిలో మేళా పెట్టేది పిల్లల కోసమే అనుకునే అమాయకులు మా డెలానీపూర్‌లో ఇంకా కొందరు మిగిలే ఉన్నారు. వాళ్ళ మేలు కోరి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. మేళా రోజు పొద్దున పిల్లవాడి జేబులో అమ్మ ఒక వంద నోటు పెడుతుంది. ఆ నోటు గేటు దాటి లోపలికొచ్చాక ఏ దారిన నడిచి, ఎవరి గల్లాపెట్టెలో పడాలో ముందుగానే గీసిపెట్టుకున్న పటం పేరే మేళా లేఅవుట్. ఆ పటం గీసే పెద్దలను కమిటీ అంటారు. ఊరు పేరు 2024 సెప్టెంబరులో పోర్ట్‌బ్లెయిర్ పోయి శ్రీవిజయపురం అయింది గాని, కమిటీల తీరు మాత్రం చెక్కు చెదరలేదు.

ఏ బడి అని మాత్రం అడక్కండి. పేరు చెబితే ఆ ఒక్క బడే తప్పు చేసిందనీ, తక్కినవన్నీ పులు కడిగిన ముత్యాలనీ అనుకుంటారు.

కమిటీ మొదటి సమావేశంలో చేసిన మొదటి పని వేలం. మైదానం ఎంత పొడవుందో ఎవరూ కొలవలేదు. టెంటుకి, లైట్లకి, నీళ్ళకి ఎంతవుతుందో ఎవరూ లెక్క కట్టలేదు. గేటు పక్క పది అడుగులకు పది అడుగుల జాగాకి మాత్రం సర్కారు పాట రెండు వేలని ఏకగ్రీవంగా తీర్మానించారు. పాట ఆరు వేలకి చేరింది. "ఒకటోసారి, రెండోసారి" అని బల్ల మీద కొట్టినాయన మొహంలో ఆ సంతోషం చూడాలి. బడికి నాలుగు వేలు లాభం తెచ్చిపెట్టానని ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు.

ఆ పాటకి జంగ్లీఘాట్ నుంచి బజ్జీలు వేసే అక్క కూడా వచ్చింది. వాళ్ళ పెద్దలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఆమె అడిగింది ఒకే ఒక ప్రశ్న. "ఆరు వేలంటే నానెక్కడ తేగలను బాబూ? పేలేటు మీద ఇరవై రూపాయలు ఏసీమంటారా ఏటి?"

"ధరల్లో మేం జోక్యం చేసుకోమమ్మా. అది నీ స్వేచ్ఛ" అన్నాడు కమిటీ పెద్ద.

ఆ సమావేశం మొత్తంలో లెక్క తెలిసి మాట్లాడిన మనిషి ఆ అక్క ఒక్కతే. చూడండి. ఒక మేళాలో బజ్జీల స్టాలు మూడు వందల ప్లేట్లు అమ్ముతుందనుకుందాం. శనగపిండి, మిరపకాయలు, నూనె, గ్యాసు, ఆకు దొప్ప, ఆమె కూలి, సాయం వచ్చిన మనిషి కూలి అన్నీ కలిపి ప్లేటుకి 22 రూపాయలనుకుందాం. స్టాలు రుసుము ఆరు వేలైతే, మూడు వందలతో భాగిస్తే ప్లేటుకి సరిగ్గా ఇరవై. అంటే ఒక్క పైసా లాభం లేకుండా 42. నాలుగు రూపాయలు మిగలాలన్నా 46. మేళాలో చిల్లర ఎవరు వెతుకుతారు? కాబట్టి బోర్డు మీద యాభై. ఆ యాభైలో ఇరవై రూపాయలు బజ్జీ ధర కాదు, గేటు ధర. కమిటీ వసూలు చేసింది స్టాలు యజమాని దగ్గర, కట్టింది మాత్రం ఐదో తరగతి పిల్లవాడు. అతనికి రసీదు కూడా ఇవ్వలేదు.

ఇక్కడ చదువుకున్నవారొకరు లేచి, "పక్క స్టాలు వాడు ముప్పైకి అమ్మితే ఈవిడ యాభైకి ఎలా అమ్ముతుంది? పోటీ చూసుకుంటుంది లెండి" అంటారు. బయటి బజారులో ఆ మాట నిజమే. అబర్డీన్ బజారులో ఒక బండి దగ్గర ధర నచ్చకపోతే నాలుగడుగులు వేస్తే ఇంకో బండి. కానీ కమిటీ వారు ఆ ప్రమాదాన్ని ముందే పసిగట్టారు. రెండో నియమం ఏమిటంటే, ఒక వస్తువుకి ఒకే స్టాలు. బజ్జీ ఒకరికే, పానీపూరీ ఒకరికే, షర్బత్ ఒకరికే. పైగా మేళా ముగిసేదాకా పిల్లలు గేటు దాటి బయటికి పోరాదు. లోపల పోటీ లేదు, బయటికి దారి లేదు. ఇలాంటి వ్యాపారాన్ని పూర్వం కంపెనీ దొరలు చేసేవారు, ఓడలూ ఫిరంగులూ పెట్టుకుని. మన వాళ్ళు ఒక రిజిస్టరు పుస్తకంతో కానిచ్చేశారు.

పోనీ వేలం లేని చోట న్యాయం జరిగిందా? అదీ చూద్దాం. వేలం వేయకుండా "కమిటీ విచక్షణ మేరకు" కేటాయించిన స్టాళ్ళు ఒక పది ఉన్నాయి. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫరవాలేదన్నారు పెద్దలు. ఇక్కడ మనవాళ్ళెవరూ కడబంతిలో కూర్చోలేదు. కడబంతిలో కూర్చుంది ఆరో తరగతి పిల్లలు. కొబ్బరి చిప్పలతో వాళ్ళు చేసిన దీపాలు, గవ్వల దండలు, సైన్సు నమూనాలు మరుగుదొడ్ల వెనకాల గోడవారన వెలిశాయి. అటు వెళ్ళినవాళ్ళలో సగం మంది పని మీద వెళ్ళినవాళ్ళే, ఆగి చూసే స్థితిలో లేనివాళ్ళే.

మేళా లేఅవుట్ తెలిసినవాళ్ళు దీన్ని సరిగ్గా తలకిందులుగా చేస్తారు. తిండి ఎక్కడున్నా జనం వెతుక్కుంటూ పోతారు. కాబట్టి తిండిని చివర పెట్టాలి, పిల్లల స్టాళ్ళు గేటు దగ్గరా దారి పొడుగునా పెట్టాలి. బజ్జీకోసం బయలుదేరినవాడు దీపం దగ్గర ఆగుతాడు. దీపంకోసం మరుగుదొడ్ల వెనక్కి ఎవరూ బయలుదేరరు. తిండిని గేటు దగ్గర పెడితే ఇంకో తంటా కూడా ఉంది. పానీపూరీ ముందు వరస నిలువుగా ఉండదు, చుట్టూ మూగుతారు. పది అడుగుల స్టాలు ముందు ముప్పై మంది మూగితే గేటు సగం మూసుకుపోతుంది. లోపలికి వచ్చేవాళ్ళు, బయటికి పోయేవాళ్ళు, తినేవాళ్ళు ముగ్గురూ ఒకే చోట. ఆ ఇరుకుని కమిటీ వారు "అద్భుతమైన స్పందన" అని రాసుకున్నారు.

మరి గాలి సంగతి? నవంబరు నుంచి మన దీవుల్లో ఈశాన్యపు గాలి. మేళాలు పెట్టేదీ వానలు తగ్గిన ఆ నెలల్లోనే. మా బడి గేటు ఈశాన్య మూలన ఉంది. వేలంలో గేటు పక్క జాగా గెలిచింది పొయ్యి స్టాలు. ఇక చెప్పేదేముంది, మాడిన నూనె పొగ గేటు దగ్గర బయలుదేరి మైదానం మొత్తాన్ని పలకరించి, నైరుతి మూలన వేదిక మీద పాడుతున్న పిల్లల గొంతుల్లో దిగింది. వాస్తు తెలిసిన సభ్యుడొకాయన వంట ఆగ్నేయంలో ఉండాలని ముందే మొత్తుకున్నాడు. ఆయన మాట విన్నా సగం పొగ తప్పేది. ఆరు వేల ముందు వాస్తు కూడా ఓడిపోయింది. ఈ గాలికి పొయ్యిల స్థానం నైరుతి అంచు, వేదిక స్థానం దానికి ఎదురు దిక్కు. దీనికి శాస్త్రాలు అక్కర్లేదు. ముందురోజు మధ్యాహ్నం ఒక అగరువత్తి వెలిగించి మైదానం మధ్యలో నిలబడితే అదే చెబుతుంది.

సమయం విషయంలోనూ అంతే. మేళా సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా అని పాంప్లెట్. ఆ నాలుగు, ఎనిమిది ఏ వైజాగ్ పాంప్లెట్‌లోంచి దిగాయో గాని, మనకి గడియారం దేశానిది, సూర్యుడు మాత్రం తూర్పువాడు. డిసెంబరు, జనవరి నెలల్లో ఐదుకి అటూ ఇటూగానే పొద్దు కుంకుతుంది. అంటే నాలుగు గంటల మేళాలో రెండున్నర గంటలు చీకట్లోనే. అప్పుడు అందరికీ లైట్లు కావాలి, లైట్లకి జనరేటర్ కావాలి, జనరేటర్ ఖర్చుకి రుసుము పెరగాలి. రెండింటికి మొదలుపెట్టి ఐదింటికి ముగిస్తే ఈ ఖర్చు మొత్తం సూర్యుడే భరిస్తాడు. కానీ ముఖ్య అతిథిగారికి ఐదున్నర దాకా తీరిక లేదట.

చీకట్లో టెంటు గుడ్డ కింద పొయ్యిలు, తీగలు, జనరేటర్ ఉంటాయి, రెండో గేటుకి తాళం పడి ఉంటుంది, తాళం చెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. ఇక్కడ నాకు వెటకారం రాదు. 1995 డిసెంబరు 23న హర్యానాలోని దబ్వాలీలో ఒక బడి వార్షికోత్సవం సింథటిక్ పందిరి కింద జరుగుతుండగా నిప్పంటుకుంది. నాలుగు వందల మందికి పైగా చనిపోయారు, వాళ్ళలో ఎక్కువమంది పిల్లలు. బయటికి పోవడానికి సరిపడా దారి లేకపోయింది. అందుకే పొయ్యి ఉన్న స్టాలు మీద గుడ్డ ఉండకూడదు. రెండు పొయ్యి స్టాళ్ళ మధ్య పది అడుగుల ఖాళీ ఉండాలి. సిలిండర్ జనం నడిచే వైపు కాక వెనక ఉండాలి, స్టాలుకో ఇసుక బకెట్ ఉండాలి. రెండో గేటు తీసి ఉండాలి, దాని దగ్గర ఒక మనిషి నిలబడి ఉండాలి. ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండర్‌ని వ్యాపారానికి తేవడం ఎటూ చట్టవిరుద్ధమే. ఈ మాట చెబితే ఒక సభ్యుడు "ఆ రెండో గేటు తీస్తే టిక్కెట్టు లేకుండా దూరతారండీ" అన్నాడు. పది రూపాయల టిక్కెట్టు.

ఇక తిండి. గేటు మీద ఇటు స్తంభం నుంచి అటు స్తంభం దాకా కూల్‌డ్రింక్ బ్యానర్. దాని కింద చిన్న అక్షరాల్లో "ఆరోగ్యమే మహాభాగ్యం, ఎనిమిదో తరగతి". ఆహార భద్రతా ప్రాధికార సంస్థ, అంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, 2020 సెప్టెంబరులో బడిపిల్లల తిండి మీద నిబంధనలు ప్రకటించింది. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న పదార్థాలను బడి ఆవరణలోనే కాదు, గేటు నుంచి ఏ దిక్కుకైనా యాభై మీటర్ల లోపల బడిపిల్లలకి అమ్మకూడదంది. ప్రకటనలూ పెట్టకూడదంది. మా కమిటీ ఆ యాభై మీటర్ల నిబంధనను నిక్కచ్చిగా పాటించింది. గేటు బయట యాభై మీటర్లలో ఉన్న ఐస్‌క్రీం బండివాణ్ణి తరిమేసింది. లోపల ఐస్‌క్రీం స్టాలు వాడు ఐదు వేలు కట్టాడు మరి.

రుసుము ఎక్కువైతే ధర ఒక్కటే పెరుగుతుందనుకోకండి. ధర కొంతవరకే పెరుగుతుంది, ఆ తరవాత పిల్లలు కొనరు. మిగిలిన లోటు సరుకులోంచి రాబట్టాలి. మొదట బలయ్యేది నూనె. మొదట పోసిన నూనె మేళా ముగిసేలోపు నల్లబడుతుంది, చిక్కబడుతుంది, పొయ్యి పెంచకుండానే పొగ వస్తుంది, వేసిన బజ్జీ చుట్టూ నురుగు లేచి దిగకుండా ఉంటుంది. ఈ నాలుగు గుర్తుల్లో రెండు కనబడితే ఆ నూనె పారబోయాలి. నూనెలో పోలార్ కాంపౌండ్లు నూటికి ఇరవై ఐదు దాటితే వాడకూడదని 2018 నుంచీ నియమం ఉంది. చెక్ చేయడానికి కాగితపు పట్టీలు దొరుకుతాయి. ఆరు వేలు కట్టినవాడు రెండు లీటర్ల నూనె పారబోస్తాడా? బదులుగా దానిమీదే కొత్తది ఒక గరిటె పోసి "ఫ్రెష్ ఆయిల్" అంటాడు.

తరవాత బలయ్యేది ఐసు. ఇది మన ఊరికి ప్రత్యేకం కాబట్టి కాస్త ఆగి చెబుతాను. ఇది చేపల ఊరు. చేపలు నిలవ చేసే ఐసు దిమ్మలు చవగ్గా దొరుకుతాయి. తాగే నీళ్ళతో చేసిన ఐసు క్యూబులు ఖరీదు. మేళా రోజు మధ్యాహ్నం గోనెపట్టాలో చుట్టిన ఒక దిమ్మ ఆటోలోంచి దిగింది. దాన్ని సిమెంటు గచ్చు మీద పెట్టి, సుత్తితో కొట్టి, ముక్కలని చేత్తో ఏరి నిమ్మ షర్బత్ డ్రమ్ములో వేశారు. ఒక ముక్కకి గోనెపోగు కూడా అంటుకునే ఉంది, అది డ్రమ్ములో తేలింది. తినడానికి పనికిరాని ఐసుకి తెలిసేలా లేత నీలం రంగు కలపాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నియమం. అయితే రంగు లేనంత మాత్రాన మంచిదని నమ్మడానికి లేదు. ఐసు చూసి చెప్పేదేమీ ఉండదు, అది ఎక్కడ కొన్నారో బిల్లు చూసి చెప్పాలి. కమిటీ చేయాల్సిన పని చిన్నది. ఐసు వాడే స్టాళ్ళన్నిటికీ తాగే నీటి ఐసు తానే ఒక చోట కొని, మూత ఉన్న డబ్బాలో పెట్టి, అసలు ధరకి ఇవ్వడం. దానికి బదులు కమిటీ చేసింది షర్బత్ స్టాలు రుసుము పెంచడం, ఎండగా ఉంది కనుక డిమాండ్ బాగుంటుందని.

ఇడ్లీ స్టాలు కొబ్బరి చట్నీ సంగతి కూడా అంతే. పొద్దున ఏడింటికి ఇంట్లో రుబ్బిన చట్నీ సాయంత్రం ఐదింటికి ప్లేటులో పడింది. మన ఉక్కపోతలో తడి కొబ్బరి రెండు మూడు గంటలకి మించి బయట ఉండకూడదు. పుల్ల వాసన వస్తే చూద్దాం అని ఆగితే అప్పటికే ఆలస్యం, వాసనకంటే ముందే కడుపుకి తెలుస్తుంది. వేడిగా తినేది పొగలు కక్కుతూ, అంటే 60 డిగ్రీల పైన ఉండాలి, చల్లగా తినేది ఐసు పెట్టెలో 5 డిగ్రీల లోపు ఉండాలి. నడుమ ఉండే వేడి సూక్ష్మజీవులకి మేళా. కాబట్టి చట్నీ రెండు విడతలుగా రుబ్బుకు రావాలి, లేదా పొడి పెట్టుకోవాలి. నీళ్ళు కూడా ఎవరికి వారు తెచ్చుకోవాలంటే పని కాదు. ధనిఖారి డ్యాములో మట్టం తగ్గే నెలలు ఇవి. ఇంట్లోకే కుళాయి రోజు విడిచి రోజు వచ్చే కాలంలో స్టాలు వాళ్ళు బకెట్ నీళ్ళతో మేళా అయ్యేదాకా అవే ప్లేట్లు ముంచి తీస్తారు. కమిటీ ట్యాంకరు పిలిపించి, మైదానం పల్లం వైపు చేతులు కడిగే కుళాయిలు పెట్టి, ఆకు దొప్పలు తప్ప వేరే ప్లేటు వద్దంటే ఆ తంటా తీరిపోతుంది. ప్లాస్టిక్ ప్లేట్లూ గ్లాసులూ 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధమే. మా మేళాలో అవి నిషేధం పోస్టరు కిందే పేర్చి ఉన్నాయి.

ధర ఎందుకింత అని అడిగితే మన ఊళ్ళో అందరికీ తెలిసిన ఒకే జవాబు. "సరుకు షిప్పులో రావాలి కద సార్." నిజమే. శనగపిండి, నూనె, ఉల్లిపాయలు చెన్నై నుంచో వైజాగ్ నుంచో కలకత్తా నుంచో సముద్రం దాటి రావాల్సిందే. ఆ కిరాయి వాటి ధరలో ముందే కలిసి ఉంటుంది. కానీ మేళాలో కొబ్బరిబోండాం కూడా షిప్పులోనే వచ్చింది! గారచర్మలో చెట్టు మీదనుంచి పొద్దున దించిన బోండాం ఏ రేవు నుంచి బయలుదేరి ఏ రేవున దిగిందో కమిటీ వారు కనుక్కుని చెప్పాలి. ఇరవై రూపాయలని ముద్రించి ఉన్న నీళ్ళ సీసా ముప్పైకి అమ్మినవాడూ షిప్పు పేరే చెప్పాడు. ముద్రించిన గరిష్ఠ ధర మీద ఒక్క రూపాయి ఎక్కువ తీసుకున్నా తూనికలు కొలతల చట్టం ప్రకారం నేరం. సముద్రం అడ్డం ఉందని చట్టం ఆగదు.

ఇక వసూళ్ళు. స్టాలు రుసుము కట్టడానికి ఒక క్యూఆర్ కోడ్ పంచారు. స్కాన్ చేస్తే బడి పేరు రాలేదు, తల్లిదండ్రుల సంఘం పేరూ రాలేదు. ఒక సభ్యుడి బావమరిది పేరు వచ్చింది. "ఆయన ఫోన్‌లో సిగ్నల్ బాగా వస్తుందండీ" అని వివరణ. చెన్నై నుంచి మన దీవులకి సముద్రం అడుగున రెండు వేల మూడు వందల కిలోమీటర్ల కేబుల్ 2020 ఆగస్టులో వచ్చేసింది. రసీదు మాత్రం ఆఫీసు గదిలోంచి వరండాలోకి ఇంకా రాలేదు.

కూపన్ల కథ ఇంకా కమ్మగా ఉంటుంది. లోపల నగదు చెల్లదు, కూపన్లే కొనాలి. అన్నిటికంటే చిన్న కూపన్ ఇరవై. మూరీ మసాలా పదిహేను. మిగిలిన ఐదు రూపాయలకి ఏమిస్తారు? చిరునవ్వు. వాడని కూపన్లకి వాపసు లేదని వెనకవైపు రాసి ఉంది, చదవడానికి భూతద్దం కావాలి. ఐదు వందల మంది పిల్లల దగ్గర తలా పది రూపాయలు మిగిలిపోతే ఐదు వేలు. ఏ స్టాలూ అమ్మని, ఎవరూ తినని, ఏ లెక్కలోనూ పడని ఐదు వేలు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. ఇక్కడ పిల్లల సొమ్ము పెద్దలు దానం చేసి, సావనీరులో ఫొటో కూడా వేయించుకున్నారు.

సరే, తిట్టడం ఎవరికైనా వస్తుంది, నువ్వైతే ఏం చేస్తావని అడుగుతారు. ఒక కాగితం ముక్క చాలు. మొదట ఖర్చు రాయండి. టెంటు, బల్లలు, లైట్లు, నీళ్ళ ట్యాంకరు, చెత్త ఎత్తడం అన్నీ కలిపి 19,200 రూపాయలనుకుందాం. ఇరవై నాలుగు స్టాళ్ళు. అందరికీ సమానంగా పంచితే తలా ఎనిమిది వందలు. చూడ్డానికి సమానమే గాని న్యాయం కాదు. గవ్వల దండల బల్లకి నీళ్ళు అక్కర్లేదు, చెత్త గుప్పెడు. పొయ్యి స్టాలుకి నీళ్ళూ లైటూ ఖాళీ జాగా అన్నీ కావాలి. కాబట్టి వాటాలు వేయండి. ఆరు తరగతుల పిల్లల స్టాళ్ళకి సున్నా. ఎనిమిది చేతిపనుల, ఆటల స్టాళ్ళకి తలా ఒక వాటా. పొయ్యి లేని ఆరు తిండి స్టాళ్ళకి తలా రెండు. నాలుగు పొయ్యి స్టాళ్ళకి తలా మూడు. ఎనిమిదీ, పన్నెండూ, పన్నెండూ కలిపితే ముప్పై రెండు వాటాలు. 19,200ని ముప్పై రెండుతో భాగిస్తే వాటా ఆరు వందలు. చేతిపనులకి 600, చల్లని తిండికి 1,200, పొయ్యికి 1,800. దీనిపైన ప్రతి స్టాలుకీ ఐదు వందలు చెత్త డిపాజిట్. సాయంత్రం జాగా ఊడ్చి చూపిస్తే అక్కడికక్కడే వాపసు.

ఇప్పుడు బజ్జీల అక్క లెక్క మళ్ళీ వేయండి. 1,800ని మూడు వందల ప్లేట్లకి పంచితే ఆరు రూపాయలు. 22కి ఆరు కలిపితే 28. బడికి నిధి కావాలా? దాచుకోకుండా అడగండి. అమ్మకంలో నూటికి పది, కూపన్లు లెక్కపెట్టి మార్చేటప్పుడే పట్టుకోండి. ప్లేటు 35కి అమ్మితే మూడున్నర బడికి పోతుంది, ఇంకో మూడున్నర అక్కకి కూలి పైన మిగులుతుంది. పిల్లవాడికి ఒక్క ప్లేటు మీద పదిహేను రూపాయలు మిగిలాయి. వానొచ్చి సగమే అమ్ముడైతే బడికి వచ్చే పదో వంతు కూడా సగమవుతుంది, అక్క నష్టం కొంత తగ్గుతుంది. వేలంలో అయితే వాన వచ్చినా ఆరు వేలు ఆరు వేలే, ప్లేటుకి నలభై. ఆ రోజు నూనె మారుస్తుందేమో మీరే ఊహించుకోండి.

ఇలా చేస్తే వేలం కంటే బడికి తక్కువ వస్తుంది. తక్కువే వస్తుంది, నేను కాదనను. బడి నిధి పెంచాలంటే ముఖ్య అతిథిగారి దండకీ శాలువాకీ జ్ఞాపికకీ అయ్యే ఖర్చు ఒకసారి చూసుకోండి, మార్గం దొరుకుతుంది.

స్టాళ్ళు ఎవరికన్నది చీటీలే తేల్చాలి. పొయ్యి వాళ్ళ పేర్లు ఒక డబ్బాలో, చేతిపనుల వాళ్ళవి ఇంకో డబ్బాలో వేసి, పదిమంది ఎదుట ఒక పిల్లవాడి చేత తీయించాలి. పొయ్యి ఉన్నవాళ్ళకి ఎక్కడన్నది గాలి ముందే తేల్చేసింది, ఆ నాలుగు జాగాల్లో ఏది ఎవరిదన్నదే చీటీ చెప్పాలి. బజ్జీకి రెండు స్టాళ్ళు, షర్బత్‌కి రెండు స్టాళ్ళు తప్పనిసరిగా ఉండాలి. చీటీలోనూ మోసం లేకపోలేదు. ఒకే ఇంటి నుంచి నాలుగు పేర్లు వస్తాయి, గెలిచినవాడు మూడు వేలకి ఇంకొకడికి అమ్ముకుంటాడు. కాబట్టి ఇంటికో చీటీ, రసీదు మీద ఎవరి పేరుంటే వాళ్ళే స్టాలులో నిలబడాలి, మానుకుంటే ఆ జాగా వెయిటింగ్ లిస్టులో తరవాతి పేరుకి పోవాలి. తిండి స్టాలు పెట్టేవాళ్ళ దగ్గర ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ కాగితం చీటీ వేయకముందే చూడాలి. తాత్కాలిక స్టాలు వాళ్ళూ అందులోకే వస్తారు. ధరల పట్టిక ముందుగా రాసివ్వాలి, హిందీలో ఒకటి, అంకెల్లో పెద్దగా ఒకటి, పిల్లవాడి కంటి ఎత్తున కట్టాలి. మేళా మధ్యలో ఆ పట్టిక మార్చినవాడి డిపాజిట్ గోవిందా. ఐదు రూపాయల కూపన్ ఉండాలి, మిగిలినవి ఆ సాయంత్రమూ మర్నాడూ బడి ఆఫీసులో డబ్బిచ్చి వెనక్కి తీసుకోవాలి.

ఇదంతా చెబితే కమిటీ పెద్దలు ఒకటే మాట అంటారు. "ఇవన్నీ చూడ్డానికి మాకు టైమెక్కడిదండీ, మేము సేవ చేస్తున్నాం." సేవే చేస్తున్నారు, సందేహం లేదు. అయితే సేవకి కూడా వరస నంబర్లున్న రసీదు పుస్తకం ఉంటుంది, కౌంటర్‌ఫాయిల్ ఉంటుంది, డబ్బు బడి ఖాతాలో పడుతుంది. మేళా అయిన వారంలోపు ఏ స్టాలు ఎంత కట్టింది, టెంటుకెంత పోయింది, శాలువాకెంత పోయింది, మిగిలిందెంత అని నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటిస్తారు. కిందటి మేళా కాగితం ఇంతవరకు అంటించలేదు. అది అంటించేదాకా వచ్చే ఏడాది సర్కారు పాట మొదలుపెట్టే అధికారం ఈ కమిటీకి లేదని తల్లిదండ్రులు రాసివ్వాలి. సంతకాల కాగితం సిద్ధంగా ఉంది. మొదటి సంతకం బజ్జీల అక్కది. ఆమె మనవరాలు అదే బడిలో ఐదో తరగతి.